కేక పెట్టాలి, గొంతు పెగలదు: కలలో కట్టుబడిపోవడం గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

ఈ రోజు ఒకే ఒక్క రకం కల గురించి మాట్లాడుకుందాం. వెనక ఎవరో వస్తుంటారు. కేక వేయాలి. నోరు తెరుస్తాం, గాలి వస్తుంది కానీ శబ్దం రాదు. పరుగెత్తబోతే కాళ్లు బురదలో దిగబడ్డట్టు పైకి లేవవు. ఉన్న శక్తంతా కూడదీసుకుని ఇంకోసారి అరుస్తాం. అప్పుడు పక్కన పడుకున్నవాళ్లు తట్టి లేపి, "ఏంటి, అలా మూలుగుతున్నావు?" అంటారు. అంతసేపూ గొంతు చించుకుని అరిచామని మనం అనుకుంటాం. బయటికి వచ్చింది మాత్రం ఒక సన్నని మూలుగు.

ఈ కల వచ్చినవాళ్లు మామూలుగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఇదేమైనా జబ్బా? దీనికి అర్థం ఏమిటి? రెండో ప్రశ్న మీదే అందరికీ ఆత్రం ఎక్కువ. కానీ మొదటిదాన్ని దాటేసి రెండోదానికి వెళితే, శరీరం చేసిన పనికి మనసును నిందించే ప్రమాదం ఉంది. అందుకని ముందు శరీరం సంగతి చూద్దాం.

రాత్రి నిద్ర ఒకే తీరుగా సాగదు. సుమారు 90 నిమిషాలకో చక్రం చొప్పున నాలుగైదు చక్రాలు తిరుగుతుంది. ప్రతి చక్రం చివర రెమ్ నిద్ర వస్తుంది. మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఇది. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ దీన్ని గుర్తించారు. కథలాగా సాగే స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది ఈ దశలోనే. మొదటి చక్రంలో ఇది కొద్ది నిమిషాలే ఉంటుంది. తెల్లవారుజాముకు వచ్చేసరికి అరగంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా సాగుతుంది. పీడకలలు తెల్లవారుజామున ఎక్కువ రావడానికి కారణం ఇదే.

రెమ్ నిద్ర మొదలవగానే మెదడు ఒక పని చేస్తుంది. మెదడు కాండంలోని పాన్స్ అనే భాగం నుంచి వెన్నుపాముకు ఆజ్ఞ వెళుతుంది. కండరాలను కదిలించే నాడీకణాలను గ్లైసిన్, గాబా అనే రెండు రసాయనాలు అణచిపెడతాయి. చేతులు, కాళ్లు, మెడ, దవడ అన్నీ సడలిపోతాయి. ఇది జబ్బు కాదు, కాపలా. కలలో గోడ దూకితే మంచం మీద నుంచి దూకకుండా ఆపేది ఇదే. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మిషెల్ జువే పిల్లుల మీద ప్రయోగాలు చేసి దీన్ని చూపించారు. పాన్స్‌లో ఆ చిన్న భాగం దెబ్బతిన్న పిల్లులు రెమ్ నిద్రలోనే లేచి, ఎదుట లేని ఎలుక మీదికి దూకేవి, పంజా విసిరేవి.

ఈ తాళం అన్నిటికీ పడదు. కనుగుడ్లను తిప్పే కండరాలకు పడదు. ఊపిరి లాగే ఉదరవితానానికి, అంటే డయాఫ్రమ్‌కు పడదు. పడితే మనం బతకం. ఈ రెండు మినహాయింపులనూ గుర్తుపెట్టుకోండి, వీటితో తర్వాత పని ఉంది.

ఇప్పుడు కేక సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. మెలకువలో కేక ఎలా పుడుతుంది? ముందు ఛాతీ నిండా గాలి పీలుస్తాం. గొంతులోని స్వరతంత్రులు దగ్గరకు వస్తాయి. పొట్ట కండరాలు, పక్కటెముకల మధ్య కండరాలు ఒక్కసారిగా బిగిసి ఆ గాలిని బలంగా బయటికి నెడతాయి. ఆ నెట్టుడే కేక. రెమ్ నిద్రలో పొట్ట కండరాలు, పక్కటెముకల కండరాలు, గొంతు చుట్టూ ఉన్న కండరాలు సడలి ఉంటాయి. పనిచేసేది డయాఫ్రమ్ ఒక్కటే, అది గాలిని లోపలికి లాగడానికే గానీ బయటికి నెట్టడానికి కాదు. గాలి తనంతట తాను నెమ్మదిగా బయటికి వస్తుంది. దాంతో కేక పుట్టదు. తాళం కాస్త వదులైన క్షణంలో కొద్దిగా నెట్టగలిగితే వచ్చేది మూలుగు. పక్కవాళ్లు విన్నది అదే. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించడం కూడా ఇక్కడిదే. భయంతో ఛాతీ నిండా గాలి పీల్చాలని చూస్తాం, ఛాతీ కండరాలు పలకవు, ఆ పలకకపోవడమే బరువుగా తోస్తుంది.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. ఈ తాళం ప్రతి రాత్రీ, ప్రతి రెమ్ కలలోనూ పడుతుంది. మరి చాలా కలల్లో మనం హాయిగా నడుస్తాం, మాట్లాడతాం, ఎగురుతాం కూడా కదా? కట్టేసిన శరీరంతో కలలో ఎలా ఎగరగలుగుతున్నాం? కొన్ని కలల్లోనే ఎందుకు కట్టుబడిపోతున్నాం?

దీనికున్న బలమైన వివరణ ఇది. మామూలు కలలో మెదడు "నడువు" అని ఆజ్ఞ ఇస్తుంది. ఆ ఆజ్ఞ నకలు ఒకటి మెదడులోనే ఉండిపోతుంది. అసలు కాళ్ల నుంచి వచ్చే సమాచారం పెద్దగా లోపలికి రాదు, తలుపు మూసి ఉంటుంది. అందుకని ఆ నకలునే నమ్మి, నడిచానని మెదడు అనుకుంటుంది. భయం ఎక్కువైనప్పుడు మెదడు సగం మేలుకుంటుంది. ఆ తలుపు కొద్దిగా తెరుచుకుంటుంది. అప్పుడు అసలు కాళ్ల కబురు అందుతుంది: "మేం కదల్లేదు." ఆజ్ఞకూ కబురుకూ పొంతన కుదరదు. కల ఆ తేడాను తన భాషలో చెబుతుంది. బురద, జిగురు, మూతబడ్డ నోరు, చుట్టుకున్న తాడు ఇలా వస్తాయి. అంటే శరీరం ముందే కట్టేసి ఉంది. ఆ రాత్రి జరిగిందల్లా ఆ కట్టు మనకు తెలియడమే. అది ఎప్పుడు తెలుస్తుంది, తెలిసినప్పుడు కల దాన్ని ఏ కథలో పెడుతుంది అన్నదే అసలు విషయం.

ఇక్కడ మూడు వేరు వేరు అనుభవాలను జనం ఒకే పేరుతో పిలుస్తుంటారు, వాటిని విడదీయాలి. మొదటిది, కలలో ఉండగానే అరవలేకపోవడం. గది కనిపించదు, కల లోకమే కనిపిస్తుంది. రెండోది నిద్ర పక్షవాతం. కళ్లు తెరుచుకుంటాయి, తమ గది, తలుపు, కిటికీ కనిపిస్తాయి, కానీ ఒళ్లు కదలదు. దానిపై కల తెర కూడా పరుచుకుని ఉంటుంది. గదిలో ఎవరో ఉన్నారనిపిస్తుంది, అడుగుల చప్పుడు వినిపిస్తుంది. కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాల దాకా ఉండి తనంతట తానే పోతుంది. మూడోది, నిజంగానే కేకలు పెట్టడం, చేతులు విసరడం. అది తాళం పడని సమస్య, దాని దారి వేరు, చివర్లో ఒక మాట చెబుతాను.

నిద్ర పక్షవాతం అరుదేమీ కాదు. 2011లో 35 అధ్యయనాలను కలిపి చూస్తే, జీవితంలో కనీసం ఒకసారి ఇది వచ్చినవాళ్లు సాధారణ జనాభాలో సుమారు 8 శాతం, విద్యార్థుల్లో 28 శాతం తేలారు. విద్యార్థుల్లో ఎందుకంత ఎక్కువ అన్నది వాళ్ల నిద్ర వేళలు చూస్తే ఊహించడం కష్టం కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, తరచూ కనబడే వివరాలను ఒకచోట చేర్చినది. ఒకామె రాత్రి పన్నెండున్నరకు పడుకుంది. ఐదున్నరకు అలారం మోగింది. లేచి ఇరవై నిమిషాలు ఫోన్ చూసి, ఇంకాసేపు పడుకుందామని ఆరింటికి వెల్లకిలా వాలింది. కొద్ది నిమిషాల్లోనే కల. ఒక పెద్ద బల్ల, చుట్టూ జనం. పైఅధికారి ఒకాయన ఏదో తప్పు ఆమె మీద వేస్తున్నాడు. "అది నేను చేయలేదు" అనాలి. పెదవులు అతుక్కుపోయాయి. ఇంతలో కళ్లు తెరుచుకుని గది కనిపించింది, తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు, ఛాతీ మీద బరువు. ఒళ్లంతా బిగబట్టి లేవబోయింది, భయం పెరిగింది తప్ప ఒళ్లు లేవలేదు. కాసేపటికి వేలు కదిలి, అంతా మాయమైంది. హమ్మయ్య అనుకుని అలాగే వెల్లకిలా కళ్లు మూసుకుంది. పది నిమిషాల్లో మళ్లీ అదే.

దీన్ని విడమరిచి చూద్దాం. శరీరం వాటా ఎంత? తెల్లవారుజాము, రెమ్ నిద్ర ఒత్తిడి ఎక్కువగా ఉన్న వేళ. మధ్యలో లేచి మళ్లీ పడుకుంది కాబట్టి మామూలు మెట్లు దాటకుండా నేరుగా రెమ్‌లోకి జారిపోయింది. మెలకువ వాసన ఇంకా పోలేదు, తాళం మాత్రం పడిపోయింది. 1992లో జపాన్‌లో పరిశోధకులు సరిగ్గా ఇదే పద్ధతిలో, మనుషులను రాత్రి మధ్యలో లేపి కాసేపు మెలకువగా ఉంచి మళ్లీ పడుకోబెట్టి, ప్రయోగశాలలో నిద్ర పక్షవాతాన్ని రప్పించగలిగారు. వెల్లకిలా పడుకోవడం ఇంకో కారణం, ఆ భంగిమలో ఇది ఎక్కువగా వస్తుంది. రెండోసారి రావడానికి కారణం లేవకుండా, ఒత్తిగిలకుండా మళ్లీ అదే గుమ్మంలోంచి లోపలికి వెళ్లడం. తలుపు దగ్గర మనిషి కూడా శరీరం వాటాలోదే. మెదడులో భయాన్ని పుట్టించే భాగం రగిలి ఉన్నప్పుడు, కారణం వెతుక్కునే మెదడు, చీకట్లో ఒక ఆకారాన్ని కల్పిస్తుంది.

మరి మనసు వాటా? బల్ల, పైఅధికారి, మీద పడిన నింద, చెప్పాల్సిన ఆ ఒక్క వాక్యం. శరీరం ఇచ్చింది "నోరు కదలడం లేదు" అనే కబురు మాత్రమే. ఆ కబురును ఏ సన్నివేశంలో పెట్టాలన్నది ఆమె పగటి జీవితం నుంచి వచ్చింది. కలలోని భావాలు పగటి ఆందోళనలకు కొనసాగింపుగా ఉంటాయన్నది కలల పరిశోధనలో గట్టిగా నిలబడిన విషయాల్లో ఒకటి.

అర్థం వెతకాలంటే "నోరు మూతబడితే ఫలానా" అని చెప్పే పట్టికలు పనికిరావు. ఫ్రాయిడ్ 1900లో, కలలో కదలలేకపోవడం సంకల్పాల మధ్య పెనుగులాటకు గుర్తన్నారు. ఒకటి వెళ్లమంటుంది, ఇంకోటి వద్దంటుంది. తాళం సంగతి ఆయన కాలానికి తెలియదు కాబట్టి ఆ మాటను అన్ని కలలకూ అంటగట్టడం సరికాదు. కానీ దాన్ని తీర్పుగా కాక ప్రశ్నగా వాడితే ఉపయోగం ఉంది. కలలో ఏం చెప్పాలనుకున్నారు? సరిగ్గా ఏ మాట? ఎవరి ముందు? చెప్పగలిగి ఉంటే ఏం జరిగేదని భయం? ఈ వారంలో అలాంటి మాట ఎక్కడైనా మింగేశారా? మన ఉదాహరణలో ఆమెకు, తన పనిని వేరొకరు తమదిగా చెప్పుకున్నప్పుడు ఊరుకున్న సంగతి గుర్తొచ్చిందనుకోండి. అది తెలుసుకోదగ్గదే. ఏమీ గుర్తు రాకపోతే అక్కడితో వదిలేయాలి. గంటసేపు తవ్వితే ఎవరికైనా ఏదో ఒకటి దొరుకుతుంది. అలా దొరికినదానికి విలువ ఉండదు.

ఏ వాటా ఎక్కువో తేల్చుకోవడానికి రెండు వారాలు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. కల వచ్చిన రోజు ఐదు విషయాలు చాలు: ఎన్నింటికి పడుకున్నారు, మధ్యలో లేచారా, ఏ భంగిమలో ఉన్నారు, గది కనిపించిందా లేదా, ఎవరి ముందు ఏం చేయలేకపోయారు. ప్రతిసారీ నిద్ర విరిగిన తెల్లవారుజామునే వస్తూ, గది కనిపిస్తూ, కథ మాత్రం రోజుకో రకంగా ఉంటే శరీరం వాటా ఎక్కువ, నిద్ర వేళలు సరిచేస్తే చాలావరకు తగ్గుతుంది. నిద్ర బాగానే ఉన్నా, గది కనిపించకుండా, అదే మనిషి, అదే చోటు, అదే మాట తిరిగి తిరిగి వస్తుంటే మనసు చెబుతున్నది వినాలి.

ఇక్కడ ఒక బరువైన విషయం చెప్పాలి. కొందరికి ఆ నిస్సహాయత కల్పన కాదు, జ్ఞాపకం. దాడి జరుగుతున్న క్షణంలో కేక రాకపోవడం, చేతులు లేవకపోవడం మనుషుల్లో తరచూ జరిగేదే. దాన్ని భయస్తంభన అనవచ్చు. 2017లో స్వీడన్‌లో అత్యాచారానికి గురై వైద్య సహాయానికి వచ్చిన 298 మంది మహిళలను అడిగితే, పదిమందిలో ఏడుగురు ఆ సమయంలో గణనీయంగా స్తంభించిపోయామన్నారు. అది ఒప్పుకోవడం కాదు, పిరికితనం కాదు, ఎంచుకున్నది అసలే కాదు. శరీరం తనంతట తాను చేసే పని. "ఎందుకు అరవలేదు?" అన్న ప్రశ్న తర్వాత ఏళ్ల తరబడి కలలో తిరిగి వస్తుంది, అక్కడ కూడా అరవలేరు, లేచాక మళ్లీ తమనే నిందించుకుంటారు. ఇలాంటి కల చెప్పినవాళ్లకు ముందు చెప్పాల్సింది స్తంభన గురించి. ఆ నింద కాస్త తగ్గితేనే మిగతా చికిత్స పట్టుకుంటుంది.

తిరిగి తిరిగి వచ్చే పీడకలలకు పరీక్షించి చూసిన పద్ధతి ఒకటుంది, కలను తిరగరాయడం. 2001లో లైంగిక దాడికి గురైన మహిళలతో చేసిన పరీక్షలో పీడకలలు తగ్గాయి. పద్ధతి సులువే. పగటిపూట, కూర్చుని, కలను కాగితం మీద రాయాలి. తర్వాత మీకు నచ్చినట్టు ఎక్కడో ఒకచోట మార్చి, కొత్త కథ పూర్తిగా రాయాలి. రోజుకు పది నుంచి ఇరవై నిమిషాలు కొత్త కథనే కళ్లు మూసుకుని మనసులో చూడాలి. ఇందులో జనం తప్పు చేసేది మూడు చోట్ల. మొదటే అన్నిటికంటే భయంకరమైన కలను ఎంచుకుంటారు. అది తట్టుకోలేక మానేస్తారు, ఓ మోస్తరు కలతో మొదలుపెట్టాలి. రెండోది, పాత కలనే పదే పదే నెమరేస్తారు. పాతది ఒకసారి రాస్తే చాలు, సాధన చేయాల్సింది కొత్తదాన్ని. మూడోది, కొత్త కథలో తప్పనిసరిగా గట్టిగా అరిచి గెలవాలనుకుంటారు. అది మనసుకు నమ్మశక్యంగా లేకపోతే నిలవదు. తలుపు తెరిచి ఒక స్నేహితురాలు లోపలికి వచ్చినా చాలు, నోరు తెరవకుండా చేయి పైకెత్తినా చాలు. దాడి జ్ఞాపకాలున్నవాళ్లు మాత్రం దీన్ని ఒంటరిగా చేయకూడదు, మానసిక వైద్యుల సాయంతోనే చేయాలి.

ఇక నిద్ర పక్షవాతం వచ్చిన ఆ నిమిషంలో ఏం చేయాలి? లేవాలని పెనుగులాడకండి. ఎంత పెనుగులాడితే ఛాతీ అంత బరువనిపిస్తుంది. ఊపిరి ఆగలేదు, డయాఫ్రమ్ తన పని చేస్తూనే ఉంది, దాన్ని గట్టిగా లాగాలని చూడకుండా వదిలేయండి. కళ్లకు తాళం లేదు కాబట్టి కనుగుడ్లను కుడికీ ఎడమకీ తిప్పండి. మనసును ఒక్క వేలి మీద పెట్టండి. తలుపు దగ్గరి ఆకారాన్ని చూడొద్దు, దాని గురించి ఆలోచించొద్దు. పక్కన పడుకునేవాళ్లతో ముందే చెప్పి ఉంచండి: మూలుగు వినిపిస్తే పేరు పెట్టి పిలిచి, చేయి తాకమని. తాకిడికి ఇది తరచూ విడిపోతుంది. విడిపోయాక లేచి ఐదు పది నిమిషాలు కూర్చుని, పక్కకు తిరిగి పడుకోండి.

కొన్ని లక్షణాలుంటే వైద్యుల దగ్గరికి వెళ్లాల్సిందే. పగలు ఆపుకోలేని నిద్ర, నవ్వినప్పుడు మోకాళ్లు జారిపోవడం ఉంటే నార్కొలెప్సీ కావచ్చు. గట్టి గురక, ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం ఉంటే స్లీప్ ఆప్నియా చూడాలి. కుంగుబాటు మందులను ఉన్నట్టుండి మానేస్తే అణిగి ఉన్న రెమ్ నిద్ర ఒక్కసారి పొంగి పీడకలలు ఎక్కువవుతాయి, కాబట్టి ఎవరికి వారు మానకూడదు. ఇందాక చెప్పిన మూడో రకం, నడివయసు దాటాక కలలో నిజంగా తన్నడం, అరవడం మొదలైతే న్యూరాలజిస్టును కలవండి. తర్వాతెప్పుడో వచ్చే పార్కిన్‌సన్స్ వంటి జబ్బుకు అది తొలి గుర్తు కావచ్చు.

ప్రశ్న, సభలోంచి: కలలోనే ఇది కల అని తెలుసుకుని అరవడం నేర్చుకోవచ్చా?

జవాబు: కల అని తెలుసుకోవడం సాధ్యమే. 1975లో ఇంగ్లండ్‌లో కీత్ హర్న్ ప్రయోగశాలలో, నిద్రలో ఉన్న మనిషి ముందే అనుకున్న ప్రకారం కనుగుడ్లను ఇటూ అటూ తిప్పి, "నేను కలలో ఉన్నాను" అని సంకేతం పంపాడు. గమనించండి, అతను కేక వేయలేదు, వేయలేడు. తాళం లేని కండరాన్ని వాడుకున్నాడు. మీరు కూడా కలలో గొంతు కోసం కాక చూపు కోసం ప్రయత్నించండి. ఆ మనిషి వైపు నుంచి కళ్లు తిప్పడం, పక్కకు చూడడం. కానీ ఒక హెచ్చరిక. ఇలాంటి కలలు రప్పించుకోవడానికి ప్రచారంలో ఉన్న పద్ధతుల్లో చాలావాటిలో, తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచి మళ్లీ పడుకోమంటారు. మన ఉదాహరణలో ఆమె ఐదున్నరకు చేసింది అదే కదా. నిద్ర పక్షవాతం వస్తున్నవాళ్లు ఆ పద్ధతి జోలికి పోవద్దు. అలారం ఒక్కటే పెట్టుకోండి, అది మోగాక ఇక పడుకోకండి.